ఇంటర్నెట్ పెట్టె మీది దీపాల వివరం

తాతయ్యకు, అమ్మమ్మకు నమస్కారాలు.

హాల్లో టీవీ పక్కన గోడకు బిగించిన తెల్లని పెట్టె గురించి ఈ కాగితం రాశాను. పెట్టె మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలు చీమ తలకాయంత ఉన్నందువల్ల, ప్రతి దీపం కింద ప్లాస్టరు ముక్క అంటించి, ఎడమ నుంచి కుడికి 1 మొదలు 7 వరకు పెద్ద అంకెలు వేశాను. ఫోన్‌లో చెప్పేటప్పుడు దీపం పేరు అక్కర్లేదు. దాని అంకె, రంగు, నిలకడగా వెలుగుతోందా, మిణుకుతోందా, ఆరిపోయిందా అన్న సంగతి చెబితే చాలు. రంగు విషయంలో మాత్రం ‘పచ్చ’ అనకుండా ‘ఆకుపచ్చ’ అనో ‘పసుపు’ అనో చెప్పండి. అమ్మమ్మ పసుపును పచ్చ అంటుంది, తాతయ్య ఆకు రంగును పచ్చ అంటారు, దూరాన ఉన్న నాకు ఏది ఏదో తెలియదు.

అంతా సవ్యంగా ఉన్నప్పుడు 1, 2, 4, 5 అంకెల దగ్గర ఆకుపచ్చ దీపాలు ఉంటాయి, 3 ఆరిపోయి ఉంటుంది. 3 వెలగకపోవడమే మంచిదని దయచేసి గుర్తుంచుకోండి.

1 అనేది కరెంటు దీపం. అది ఆరిపోతే పెట్టెకు కరెంటు అందడం లేదని అర్థం. ఫ్యాను తిరుగుతూ ఉండి ఈ దీపం మాత్రం ఆరిపోతే, పెట్టె కింద ఉన్న స్విచ్చి వేసి ఉందో లేదో, ప్లగ్గు వదులైందేమో చూడండి. పెట్టెను ఇన్వర్టరు లైనుకే కలిపించాను కాబట్టి వీధిలో కరెంటు పోయినా అది పనిచేస్తుంది. కరెంటు మారే క్షణంలో దీపాలన్నీ ఒకసారి ఆరి, మళ్లీ ఒక్కొక్కటే వెలగడానికి సుమారు 5 నిమిషాలు పట్టవచ్చు. ఆ 5 నిమిషాలు ఏ దీపం ఎలా మిణికినా పట్టించుకోవద్దు.

2, 3 దీపాలను కలిపి చూడాలి. మన ఇంటికి ఇంటర్నెట్ రాగి తీగ మీద కాకుండా, వెంట్రుకంత సన్నని గాజు పోగులో వెలుతురుగా వస్తుంది. పెట్టె వెనుక ఉన్న సన్నని పసుపు తీగలో ఉన్నది ఆ గాజు పోగే. వెలుతురు సరిగా అందుతుంటే 2 ఆకుపచ్చగా నిలకడగా ఉంటుంది. అందకపోతే 2 మిణుకుతుంది లేదా ఆరిపోతుంది, 3 ఎర్రగా వెలుగుతుంది. వీధిలో ఎక్కడో తీగ తెగినా, ఇంట్లో ఆ పసుపు తీగ మడతపడినా ఇదే కనిపిస్తుంది. కిందటి వానాకాలంలో నాలుగు రోజులు వీడియో కాల్ రాకపోతే, మా పనుల మధ్య మమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని మీరు చెప్పలేదు. చివరికి మామయ్య వచ్చి చూస్తే, బీరువా జరిపినప్పుడు ఆ తీగ దాని కింద నలిగింది. అది పావుగంట పని. మీ ముఖాలు కనిపించని ఆ నాలుగు రోజులే నాకు పెద్ద ఇబ్బంది, ఫోన్ చేయడం ఏ మాత్రం ఇబ్బంది కాదు.

3 ఎర్రగా కనిపిస్తే ఒకే ఒక పని చేయండి. పెట్టె కింద స్విచ్చి కట్టేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ వేయండి. పది నిమిషాల తర్వాత కూడా ఎరుపు అలాగే ఉంటే మామయ్యకు ఫోన్ చేసి, ‘మూడో నంబరు ఎర్రగా ఉంది’ అనండి. కంపెనీకి ఫిర్యాదు ఆయనే రాయిస్తారు. పసుపు తీగను మాత్రం లాగవద్దు, మడవవద్దు. ఒకవేళ ఊడి వస్తే దాని కొసను కంటి దగ్గర పెట్టుకుని చూడవద్దు, అందులోని వెలుతురు కంటికి కనిపించదు గానీ హాని చేయగలదు. తాతయ్యకు శుక్లాల ఆపరేషన్ అయిన కన్ను కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

4 ఇంటర్నెట్ దీపం. 2 నిలకడగా ఉండి, 3 ఆరిపోయి ఉండి, 4 మాత్రమే ఎర్రగా ఉంటే తీగ బాగానే ఉందని, లోపం కంపెనీ వైపు గానీ మన చందా గడువులో గానీ ఉందని అనుకోవచ్చు. చందా కట్టేది నేనే కనుక అప్పుడు నాకు ఫోన్ చేయండి. మీరు ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు.

5 వైఫై దీపం. అది రాత్రింబవళ్లు మిణుకుతూనే ఉంటుంది. ఫోనుకూ పెట్టెకూ మధ్య రాకపోకలు సాగుతున్నాయని దాని అర్థం, భయపడవలసింది ఏమీ లేదు. 6 టీవీకి వెళ్లే తీగది, టీవీ కట్టేస్తే ఆరిపోవచ్చు. 7 ల్యాండ్‌లైన్‌ది.

ల్యాండ్‌లైన్ గురించి ఒక ముఖ్యమైన మాట. పాత రోజుల్లో కరెంటు పోయినా ఆ ఫోన్ మోగేది. ఇప్పుడు అది ఈ పెట్టె మీదే ఆధారపడి ఉంది, పెట్టె ఆగితే అదీ ఆగిపోతుంది. అందుచేత ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ల్యాండ్‌లైన్ కోసం చూడకుండా బటన్ల సెల్‌ఫోన్ తీయండి. దానికి వైఫైతో పని లేదు. అందులో 2 నొక్కి పట్టుకుంటే మామయ్యకు, 3 నొక్కి పట్టుకుంటే నాకు కాల్ వస్తుంది. ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడడం, పడిపోవడం వంటివి జరిగితే ముందు 108కి, ఆ తర్వాత మాకు చేయండి.

ఇంటర్నెట్ రాత్రి పొద్దుపోయాక ఆగితే మాత్రం నిద్రపోయి ఉదయం చెప్పండి. మామయ్య బ్రాడీపేటలోనే ఉన్నారు, పొద్దున్నే వస్తారు. ఒంట్లో నలతగా ఉంటే అర్ధరాత్రి అయినా మమ్మల్ని లేపండి.

పెట్టె వెనుక ఉన్న సన్న రంధ్రంలో పిన్నీసు గానీ అగ్గిపుల్ల గానీ పెట్టవద్దు. అక్కడ నొక్కితే పెట్టెలో దాచిన వివరాలన్నీ చెరిగిపోతాయి, కంపెనీ మనిషి వస్తే తప్ప బాగుపడదు. అమ్మమ్మా, దుమ్ము పడుతుందని నీ కుట్టుపని గుడ్డ కప్పావు, అది ఎంత అందంగా ఉన్నా తీసెయ్యి. మన గుంటూరు ఎండల్లో పెట్టె అసలే వేడెక్కుతుంది, దాని గాలి కన్నాలు మూసుకుపోతే త్వరగా చెడిపోతుంది. వారానికి ఒకసారి పొడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. ఉరుములు, మెరుపులు దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తే, పిడుగులు పడక ముందే ప్లగ్గు తీసి ఉంచండి, గోడ మీద స్విచ్చి కట్టేయడం ఒక్కటే చాలదు.

‘మీ ఇంటర్నెట్ ఆగిపోతుంది, వెంటనే ఓటీపీ చెప్పండి, ఈ యాప్ వేసుకోండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే, ఎంత మర్యాదగా మాట్లాడినా పెట్టేసి నాకు చేయండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫిర్యాదు చేయాలి. ఆ పని మామయ్య చేస్తారు, మీరు ఆయనకు వెంటనే చెప్పాలి, మేము ఒక్క మాట కూడా అనము. బాగుచేసే మనిషి వచ్చే ముందు మామయ్య మీకు ఫోన్ చేసి చెబుతారు. ఆ ఫోన్ రాకుండా ఎవరు వచ్చినా తలుపు తీయవద్దు.

కంపెనీ వాళ్లు పెట్టె మార్చితే దీపాల వరుస మారిపోతుంది. అప్పుడు ఈ కాగితం తీసేసి నాకు చెప్పండి, కొత్తది రాసి మామయ్య చేతికి పంపుతాను.

హైదరాబాదు నుంచి,
మీ మనవరాలు