వక్కాకు సంచి

దిండు గలీబు విప్పుతుంటే చేతికి గట్టిగా ఏదో తగిలింది.

మా లాడ్జి రాజమండ్రిలో గోదావరి స్టేషన్‌కి దగ్గర. పద్దెనిమిది గదులు. పది దాటకముందే దుప్పట్లు, గలీబులు మూటకట్టి కింద పెట్టెయ్యాలి. పదిన్నరకి చాకలి సూరిబాబు ఆటో వస్తుంది. మూట ఆటో ఎక్కిందంటే అందులో ఏమున్నా ఇక వేడి సోడా నీళ్ళలోకే. అందుకే నేను గలీబుని ఎప్పుడూ తిరగేసి దులుపుతాను.

207వ గది. కిటికీ వైపు దిండు. గలీబు లోపల, దూదికి ఆనించి, ఒక గుడ్డ సంచి దూర్చి ఉంది. అరచెయ్యంత. ఒకప్పుడు ఎరుపై ఉంటుంది, ఇప్పుడు ఇటుక రంగు. మూతి దగ్గర లాగి ముడేసే తాడు. లాగితే లోపల నాలుగు అరలు. ఒకదాంట్లో ఎండిపోయిన తమలపాకు పొడి, ఒకదాంట్లో రెండు వక్క ముక్కలు, ఇంకోదాంట్లో వేలెడంత అడకత్తెర, దాని పిడికి ఎర్ర దారం చుట్టి ఉంది. నాలుగో అరలో పావలాలు. లెక్కపెట్టాను, పదకొండు. 2011లోనే చెల్లకుండా పోయినవి. ముక్కు దగ్గర పెట్టుకుంటే సున్నం వాసన, దాని వెనక ఎక్కడో లవంగం.

ఆ గదిలో దిగింది ప్రొద్దుటూరు వాళ్ళు. భార్యాభర్తలు, తొమ్మిదేళ్ళ కొడుకు. ఆయన తల్లి అస్థికలు గోదావరిలో కలపడానికి వచ్చారు. మొన్న రాత్రి దిగారు, నిన్న పొద్దున్న పుష్కర్ ఘాట్‌లో పని చేయించుకున్నారు, ఈ తెల్లవారుజామున నాలుగింటి బండికి వెళ్ళిపోయారు. నిద్రపోతున్న పిల్లాణ్ణి తండ్రి భుజాన వేసుకుని మెట్లు దిగాడని వాచ్‌మన్ చెప్పాడు.

నిన్న సాయంత్రం తువ్వాళ్ళు ఇవ్వడానికి వెళ్తే ఆ పిల్లాడు తలుపు దగ్గరకొచ్చి మెల్లిగా అడిగాడు. "ఆంటీ, దిండు గలీబులు దినామూ మారుస్తారా?"

"మీరు ఖాళీ చేశాక మారుస్తాం నాన్నా" అన్నాను. ఊపిరి పీల్చుకున్నాడు. పక్క తడుపుతాడేమో, పాపం, అందుకు భయపడుతున్నాడు అనుకున్నాను. ఎంత పొరపాటు!

పొరపాటు అని ఎందుకంటున్నానంటే, మధ్యాహ్నం వాళ్ళు ఘాట్ నుంచి వచ్చాక తండ్రి అనడం విన్నాను. "జేజి సామాన్లన్నీ గంగలో కలిపేసినాము, ఇంక ఏడ్చొద్దు." జేజి అంటే మా వైపు దేవుడు. ఆ వైపు నాయనమ్మని అలా పిలుస్తారట. అన్నీ కలిపేశామని తండ్రి అనుకుంటున్నాడు. ఒకటి మాత్రం పిల్లాడు దాచాడు.

సంచి జాకెట్టులో పెట్టుకుని మిగతా గదులు చేశాను గానీ మనసు దాని మీదే ఉంది. మర్చిపోయిన సామాన్ల పుస్తకంలో రాయాలి. తేదీ, గది నంబరు, వస్తువు, దొరికిందెవరికి. ఆ పుస్తకం నిండా ఛార్జర్లు, కళ్ళజోళ్ళు, బెల్టులు. రాసి ఊరుకోవాలి. మేం ఎవరికీ ఫోన్ చెయ్యకూడదు, అది రూలు. వెనకటికి ఒకాయనకి ఫోన్ చేస్తే ఇంట్లో వాళ్ళు ఎత్తి, ఆయన ఇక్కడ దిగిన సంగతి బయటపడి పెద్ద గొడవైంది. అప్పటినుంచి వాళ్ళు అడిగితేనే ఇస్తాం. మంచి రూలే. కానీ ఈ సంచి గురించి అడిగేదెవరు? ఉందని తెలిసింది పిల్లాడికొక్కడికే. వాడు నోరు తెరిస్తే దొంగతనం బయటపడుతుంది. నేను తండ్రికి చెప్పినా అంతే.

86 వరదకి లంకలో మా ఇల్లు కొట్టుకుపోయింది. నాకప్పుడు ఏడేళ్ళు. గేదె పోయింది, ధాన్యం పోయింది. మా అమ్మ మాత్రం వాళ్ళమ్మ పొడుం డబ్బీ కోసం ఏడ్చింది. రేకు డబ్బీ. అప్పుడు నాకు అర్థం కాలేదు.

భోజనాలయ్యాక మేనేజరు రాజు గారి బల్ల మీద సంచి పెట్టాను. అంతా చెప్పాను, పిల్లాడి మాట కూడా.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. "పోయినావిడ వస్తువు నూకరత్నం. లాడ్జిలో ఉంచకూడదు. సాయంత్రం వెళ్తూ గోదాట్లో వేసెయ్. వాళ్ళనుకున్నదీ అదే కదా."

"ఆయన అనుకున్నాడండి. పిల్లాడు అనుకోలేదు."

"రూలు నీకు తెలుసు."

"తెలుసండి. దాపరికం ఉన్నవాళ్ళ కోసం ఆ రూలు. కుండతో వచ్చి, పంతులు గారి కోసం మిమ్మల్నే అడిగిన వాళ్ళకి ఏం దాపరికం ఉంటుందండీ? మీరే చెయ్యండి ఫోను. నేను నంబరు చూడను కూడా."

ఆయన కాసేపు పేపరు తిరగేశారు. తర్వాత ఫోన్ కలిపి, తనెవరో చెప్పి, నా చేతికిచ్చారు. ఏం చెప్పాలో అప్పటిదాకా నేను అనుకోలేదు. పిల్లాడి బొమ్మ దొరికిందని అబద్ధమాడితే వాడు బతికిపోతాడు. కానీ ఆ అబద్ధం ప్రొద్దుటూరు దాకా నిలవదు. పార్శిల్ విప్పేది ఆయనే.

"సార్, గది సర్దుతుంటే దిండులో ఒక వక్కాకు సంచి దొరికిందండి. బాబు పెట్టుకున్నట్టున్నాడు. వాణ్ణి కోప్పడకండి" అన్నాను గబగబా.

అటువైపు రైలు చప్పుడు. చాలాసేపు అదే.

"అందులో చిన్న అడకత్తెర ఉందామ్మా?"

"ఉందండి."

"పిడికి ఎర్ర దారం?"

"చుట్టి ఉందండి."

"అది నేనే చుట్టినా. పిడి వేలికి ఒత్తుకుంటాందని మాయమ్మ అంటే... ఇస్కూల్లో చదువుకునేటప్పుడు." గొంతు సర్దుకున్నాడు. "అది కూడా మూటలో పొయ్యిందనుకున్నా. నేను చూసుకోలేదు."

రాజు గారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"పిల్లోనికి ఇస్తా, మాట్లాడండి."

వాడు ముందు ఏమీ అనలేదు. తర్వాత, "గలీబు మార్చేసినారా?" అన్నాడు.

"మార్చాను. సంచి ముందే తీశాను నాన్నా. తడవలేదు. మీ ఇంటికి పంపిస్తాను."

"పావలాలు ఉండాయా?"

"పదకొండు ఉన్నాయి."

"అవి జేజివి. గోదావరి బ్రిడ్జి మీద రైల్లోంచి ఎయ్యాలని దాచిపెట్టుకునింది. ఎప్పుడూ రాలేదు ఈడికి. నేను ఏద్దామనుకున్నా. వచ్చేటప్పుడు నిద్రపొయ్యినా. ఇప్పుడు కూడా లేపలేదు నన్ను." గొంతు వణికింది. "ఆంటీ, మీరు ఏస్తారా?"

"వేస్తాను. అన్నీనా?"

ఆలోచించుకున్నాడు. "పది. ఒకటి నాకు పంపండి."

పుస్తకంలో నేనే రాశాను: 207, గుడ్డ సంచి ఒకటి, అడకత్తెర ఒకటి, పావలా ఒకటి. ఫోనులో చెప్పడమైంది, రేపు స్పీడ్ పోస్టులో పంపాలి. పక్కన రాజు గారు సంతకం పెట్టారు. పోస్టు ఖర్చుకని వంద కాగితం కూడా పుస్తకంలో పెట్టారు.

ఆరింటికి డ్యూటీ దిగి ఘాట్‌కి వెళ్ళాను. హారతికి ఇంకా టైముంది, మెట్ల మీద జనం పలచగా ఉన్నారు. చెప్పులు పైన విడిచి మోకాళ్ళ దాకా నీళ్ళలోకి దిగాను. ఆర్చి బ్రిడ్జి మీదకి బండి వచ్చేదాకా ఆగాను, ఆవిడ వెయ్యాలనుకున్నది రైల్లోంచి కదా. బండి మధ్యకి వచ్చాక ఒక్కొక్కటే వేశాను, పైకి లెక్కపెడుతూ, పది దాకా.

పదకొండోది సంచిలో, అడకత్తెర పక్కన ఉంది. తాడు లాగి ముడేశాను.