ఆర్గానిక్ రివిజన్ వారం: సోమవారం నుంచి ఆదివారం దాకా

చిన్నా, దీన్ని ప్రింట్ తీసి టేబుల్ ఎదురుగా గోడకి అంటించు. ఈ వారం కెమిస్ట్రీలో ఆర్గానిక్ ఒక్కటే, ఫిజికల్ జోలికీ ఇనార్గానిక్ జోలికీ పోవద్దు. బయాలజీ మాత్రం రోజూ ఉంటుంది, 180 ప్రశ్నల్లో 90 అక్కడే ఉన్నాయి కాబట్టి దాన్ని వారంపాటు వదిలేస్తే నీట్ దగ్గరపడ్డాక మళ్లీ దారిలో పెట్టడం కష్టం.

రోజూ ఉండే టైమింగ్స్

5:30 – 7:00 బయాలజీ, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం మాత్రమే
7:45 – 10:15 ఆ రోజు రియాక్షన్ షీట్లు
10:45 – 12:30 ఫిజిక్స్ లెక్కలు
2:00 – 4:00 టైమ్ పెట్టుకుని కెమిస్ట్రీ ప్రాబ్లమ్స్
5:00 – 6:30 తప్పుల పని
8:30 – 9:15 ఖాళీ కాగితం మీద ఆ రోజు ఎరుపు గీతలు చూడకుండా రాయడం
10:15 లైటు ఆర్పెయ్

మధ్యాహ్నం రెండుకే ఎందుకంటే అసలు పరీక్ష రెండు నుంచి ఐదు దాకా. చెన్నైలో ఏప్రిల్ మధ్యాహ్నం అన్నం తినగానే కళ్లు మూతలు పడతాయని తెలుసు, పిన్ని పెరుగన్నం రెండోసారి వడ్డిస్తానంటే వద్దను, ఆ టైమ్‌లో మెదడు పనిచేయడం ఇప్పటి నుంచే అలవాటు కావాలి.

షీట్ ఎలా రాయాలి

నీ పాత షీట్లు చూశాను. నాలుగు రంగుల పెన్నులు, స్కేలుతో గీతలు, చూడ్డానికి బావున్నాయి, కానీ అవన్నీ పుస్తకం పక్కన పెట్టుకుని ఎక్కించినవి. ఈసారి పుస్తకం మూసి రాయి. ముందు గుర్తొచ్చినంత నీలం పెన్నుతో రాసేసి, ఆ తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవీ తప్పు రాసినవీ ఎర్ర పెన్నుతో చేర్చు. రాత్రి చూడాల్సింది ఆ ఎరుపు ఒక్కటే. ఏ-4 కాగితం ఒకవైపే వాడు, చాప్టర్‌కి రెండు దాటకూడదు.

ప్రతి రియాక్షన్‌కి నాలుగు రాయాలి: దేంతో మొదలు, ఏ రియేజెంట్, ఏ కండిషన్, ఏం వస్తుంది. చివర్లో "ఎక్కడ పనిచేయదు" అని ఒక ముక్క. నువ్వెప్పుడూ వదిలేసేది అదే, పేపర్ వాళ్లు అడిగేదీ అదే. గురువారం షీట్‌లో ఒక భాగం ఇలా ఉండాలి:

```
RCOCl   + H2, Pd-BaSO4             -> RCHO
RCN     + SnCl2/HCl, తర్వాత H3O+     -> RCHO
C6H5CH3 + CrO2Cl2/CS2, తర్వాత H3O+   -> C6H5CHO
C6H6    + CO, HCl, AlCl3/CuCl      -> C6H5CHO
```

పక్కన పేర్లు: రోజెన్‌మండ్, స్టీఫెన్, ఎటార్డ్, గాటర్‌మన్-కోచ్. పేరు ఇచ్చి రియేజెంట్ అడిగినా, రియేజెంట్ ఇచ్చి పేరు అడిగినా చెప్పగలగాలి.

సోమవారం: జీఓసీ, హైడ్రోకార్బన్స్

జీఓసీకి షీట్ అక్కర్లేదు, కార్బోకాటయాన్ స్థిరత్వం, ఆమ్ల బలం వరుసలు పది చేస్తే చాలు. షీట్‌లో ఆల్కీన్, ఆల్కైన్, బెంజీన్ రియాక్షన్లు. పెరాక్సైడ్ ప్రభావం HBrకి మాత్రమే, HClకీ HIకీ కాదు. లిండ్లార్ అయితే సిస్, ద్రవ అమ్మోనియాలో సోడియం అయితే ట్రాన్స్. మధ్యాహ్నం 30 ప్రశ్నలు 30 నిమిషాల్లో, పది నిమిషాలు విరామం, మళ్లీ 30.

మంగళవారం: హాలోఆల్కేన్స్, హాలోఎరీన్స్

ఏప్రిల్ 14, తమిళ సంవత్సరాది. మేడ మీద ఇంటి ఓనర్ వాళ్లు పిలుస్తారు, వెళ్లి పాయసం తాగి రా, ముఖం చాటేయొద్దు. ఫిజిక్స్ ఈ రోజు లేదు. KCN అయితే సయనైడ్, AgCN అయితే ఐసోసయనైడ్. సజల KOH అయితే ఆల్కహాల్, ఆల్కహాలిక్ KOH అయితే ఆల్కీన్. ఎస్‌ఎన్1, ఎస్‌ఎన్2 తేడా ఒక చిన్న పట్టికలో. ప్రాబ్లమ్స్ ఒక సెట్ చాలు, 30.

బుధవారం: ఆల్కహాల్స్, ఫీనాల్స్, ఈథర్స్

ఫీనాల్‌కి విడిగా ఒక షీట్. రైమర్-టీమన్‌లో CHCl3, NaOHతో సాలిసిలాల్డిహైడ్, కోల్బేలో CO2తో సాలిసిలిక్ ఆమ్లం, ఈ రెండూ పక్కపక్కనే రాయి. విలియమ్సన్‌లో టెర్షరీ హాలైడ్ తీసుకుంటే ఈథర్ రాదు, ఆల్కీన్ వస్తుంది. మధ్యాహ్నం 30 చొప్పున రెండు సెట్లు, ఈసారి ఓఎంఆర్ కాగితం మీద గుండ్రాలు దిద్దుతూ. దిద్దడానికి పట్టే టైమ్ కూడా ఆ 30 నిమిషాల్లోనే.

గురువారం: ఆల్డిహైడ్స్, కీటోన్స్, కార్బాక్సిలిక్ ఆమ్లాలు

వారంలో బరువైన రోజు ఇదే. ఫిజిక్స్ మానేసి ఆ టైమ్ కూడా షీట్లకే ఇవ్వు. తయారీలు ఒకటి, చర్యలు ఒకటి, గుర్తింపు పరీక్షలతో ఆమ్లాలు ఒకటి, ఈ ఒక్క రోజు మూడు షీట్లకి పర్మిషన్. ఆల్డాల్‌కి ఆల్ఫా హైడ్రోజన్ ఉండాలి, క్యానిజారోకి ఉండకూడదు. ప్రశ్న చూడగానే చెయ్యాల్సిన మొదటి పని ఆల్ఫా హైడ్రోజన్ ఉందో లేదో చూడటం, మిగతాదంతా తర్వాత. క్లెమెన్సన్ ఆమ్ల మాధ్యమంలో, వోల్ఫ్-కిష్నర్ క్షార మాధ్యమంలో, రెండింటిలోనూ కార్బొనిల్ పోయి CH2 మిగులుతుంది. అయోడోఫామ్ ఇచ్చేవి, ఇవ్వనివి కలిపి పన్నెండు పదార్థాలు పిన్నితో అడిగించుకో, ఆవిడకి కెమిస్ట్రీ రాకపోయినా ఫర్వాలేదు, జవాబు కాగితం చేతిలో పెట్టు.

మధ్యాహ్నం 45 ప్రశ్నలు 50 నిమిషాల్లో. ఒక్కదాని దగ్గర నిమిషంన్నర దాటితే గుర్తు పెట్టి ముందుకు పో. ఆ ఒక్క ప్రశ్నతో నువ్వు పంతం పట్టి కూర్చుంటే వెనకాల సులువైనవి మూడు పోతాయి.

శుక్రవారం: ఎమీన్స్, బయోమాలిక్యూల్స్

హాఫ్‌మన్ బ్రోమామైడ్‌లో ఒక కార్బన్ తగ్గుతుంది. గాబ్రియల్‌తో ఎనిలీన్ రాదు. ఎనిలీన్‌కి ఫ్రీడెల్-క్రాఫ్ట్స్ జరగదు, AlCl3తో లవణం అయిపోతుంది. నేరుగా నైట్రేషన్ చేస్తే మెటా 47 శాతం దాకా వస్తుంది, ఆమ్లంలో ఎనిలీనియమ్ అయాన్‌గా మారడం వల్ల. డయాజోనియమ్ లవణం 273–278 K దగ్గర తయారుచేస్తారు, దాన్ని షీట్ మధ్యలో పెట్టి చుట్టూ బాణాలు గీయి. బయోమాలిక్యూల్స్ ఒక గంట, చదివితే చాలు. పాలిమర్స్ సిలబస్‌లోంచి తీసేశారు, నా పాత నోట్సులో ఉన్నాయి కదా అని చదువుతూ కూర్చోకు. మధ్యాహ్నం 30 చొప్పున రెండు సెట్లు.

శనివారం: అన్నీ కలిపి

కొత్త షీట్లు లేవు. A నుంచి B, B నుంచి C అని సాగే ప్రశ్నలు పొద్దున 20. తర్వాత లాసేన్ పరీక్ష: నైట్రోజన్ ఉంటే ప్రష్యన్ బ్లూ, నైట్రోప్రుసైడ్‌తో ఊదా రంగు వస్తే సల్ఫర్, రెండూ కలిసి ఉంటే రక్తం ఎరుపు. మధ్యాహ్నం 45 నిమిషాల్లో 45, చాప్టర్లు కలగలిపి. రాత్రి ఖాళీ కాగితం పని లేదు, తొమ్మిదిన్నరకే పడుకో.

తప్పుల పని అంటే

ప్రతి తప్పు పక్కన మూడింట్లో ఒక అక్షరం: 'తె' అంటే తెలియదు, 'మ' అంటే తెలిసీ మర్చిపోయావు, 'తొ' అంటే తొందరలో ప్రశ్న సరిగ్గా చదవలేదు. 'తె', 'మ' రెండూ షీట్ మీదకి ఎరుపులో ఎక్కాలి. 'తొ' ఎక్కదు, దానికి మందు షీట్ కాదు, ప్రశ్నలో "కానిది" అన్న మాట కింద గీత గీయడం. మార్కులు సరైనదానికి 4, తప్పుకి మైనస్ 1 లెక్కనే వేసుకో, వదిలేసిన ప్రశ్నలు ఎన్నో కూడా రాయి.

ఆదివారం: ఫుల్ పేపర్

పొద్దున ఎరుపు గీతలు మాత్రం తిరగెయ్యి, పదకొండుకి ఆపెయ్. 2 నుంచి 5 దాకా మూడు సబ్జెక్టులూ, 180 ప్రశ్నలు, 720 మార్కులకి. ఫోన్ పిన్ని దగ్గర, ఫ్యాన్ ఒకటో నంబర్ మీద, ఏసీ వద్దు. బయాలజీ 50 నిమిషాల్లో, కెమిస్ట్రీ 55లో అయిపోతే ఫిజిక్స్‌కి గంటా పావు మిగులుతుంది, నీకు అది కావాలి.

అయిపోయాక వెంటనే దిద్దుకోకు, కిందకెళ్లి నడిచి రా. ఏడింటికి దిద్ది, ఆర్గానిక్‌లో తప్పు పోయినవి ఫోటో తీసి పంపు. మొత్తం మార్కులు పంపొద్దు, అడగను. ఎనిమిదిన్నరకి కాల్ చేస్తాను, ఏ చాప్టర్ షీట్ మళ్లీ రాయాలో అప్పుడు చూద్దాం.