ఫిబ్రవరి 1 నుంచి ఏప్రిల్ 23 వరకు: 220 పనిదినాలు పూర్తి చేయడానికి మన బడి లెక్క

విజయవాడ, 1-2-2025, శనివారం
సహోపాధ్యాయులకు, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులకు

అందరికీ నమస్కారం.

నిన్నటితో జనవరి రిజిస్టర్లు ముగించాం. సెప్టెంబరు నుంచి మనందరి మనసులో నలుగుతున్న ప్రశ్నకు ఇప్పుడు ఖచ్చితమైన జవాబు చెప్పుకోవచ్చు. 6, 7, 8 తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఉన్న సెలవులన్నీ తీసుకుంటూ పోతే మనం 216 దగ్గర ఆగిపోతాం. అంటే నాలుగు రోజులు తక్కువ. ఆ నాలుగూ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్పడానికే ఈ సర్క్యులర్.

ముందు ఈ లోటు ఎలా వచ్చిందో చూద్దాం. సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ను ముంచెత్తాక మన బడి తలుపులు మళ్లీ తెరిచింది 17నే. మధ్యలో వచ్చిన వినాయక చవితి, రెండో శనివారం, ఆదివారాలు, మిలాద్ ఉన్ నబీ తీసేస్తే మనకు పోయినవి 10 పనిదినాలు. వాటిలో రెండింటిని నవంబరు 9, డిసెంబరు 14 రెండో శనివారాల్లో బడి నడిపి పూడ్చుకున్నాం. ఆ రెండూ కలుపుకొని, స్థానిక సెలవులు పోను, జనవరి 31 నాటికి హాజరు పట్టీలో ఉన్న పనిదినాలు 156.

ఇక మిగిలిన కాలం. ఈ రోజుతో కలిపి చివరి పనిదినం ఏప్రిల్ 23 వరకు 82 రోజులు ఉన్నాయి. అందులో ఆదివారాలు 12, రెండో శనివారాలు మూడు (ఫిబ్రవరి 8, మార్చి 8, ఏప్రిల్ 12). మిగతా సెలవులు ఇవి: ఫిబ్రవరి 26 మహాశివరాత్రి, మార్చి 14 హోలీ, మార్చి 31 రంజాన్, ఏప్రిల్ 5 బాబూ జగ్జీవన్‌రామ్ జయంతి, ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతి, ఏప్రిల్ 18 గుడ్ ఫ్రైడే. ఉగాది, శ్రీరామనవమి రెండూ ఆదివారమే వచ్చాయి కాబట్టి వాటికి విడిగా రోజు పోదు. వీటికి తోడు ఫిబ్రవరి 27న కృష్ణా-గుంటూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ పోలింగ్ ఉంది. మన గదులు పోలింగ్‌కు ఇవ్వాలి కాబట్టి ఆ రోజూ బడి లేనట్టే.

ఫిబ్రవరి: 28 − 7 = 21
మార్చి: 31 − 8 = 23
ఏప్రిల్ 23 వరకు: 23 − 7 = 16
మొత్తం: 60

156 + 60 = 216.

చట్టం గంటలు కూడా అడుగుతుంది: 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి 1000 బోధనా గంటలు. అక్కడ మనకు ఇబ్బంది లేదు. మన టైంటేబుల్ ప్రకారం పూర్తి రోజుకు ఐదున్నర గంటలు, ఏటా లాగే మార్చి 15 నుంచి ఒంటిపూట మొదలైతే రోజుకు నాలుగు గంటలు వేసుకున్నా 1100 దాటుతుంది. తక్కువ పడేది రోజుల్లోనే.

అయితే 60 పనిదినాలు అంటే 60 రోజుల పాఠాలు కావు. ఈ తేడాను అందరూ గట్టిగా గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను. మన ప్రణాళికలో ఎఫ్ఏ-4కు నాలుగు రోజులు, ఏప్రిల్ 7 నుంచి 17 లోపు ఎస్ఏ-2కు ఎనిమిది పనిదినాలు, ఆ తర్వాత పేపర్లు దిద్ది ప్రోగ్రెస్ కార్డులు ఇవ్వడానికి నాలుగు రోజులు పెట్టుకున్నాం. అవి తీసేస్తే పాఠం చెప్పడానికి చేతిలో ఉన్నవి 44 రోజులు, అవీ ఏప్రిల్ 4 లోపే. పైగా మార్చి 17న పదో తరగతి పబ్లిక్ పరీక్షలు మొదలవుతాయి. మన బడి పరీక్ష కేంద్రం కాకపోయినా, ఇన్విజిలేషన్‌కు వెళ్లేవారి క్లాసులు ఆ రోజుల్లో ఖాళీ పడతాయి.

అందుకే పూడ్చుకునే రోజులను ఏప్రిల్ చివరికి నెట్టకుండా, పాఠం నడిచే రోజుల్లోనే పెడుతున్నాను. నాలుగు తేదీలు: ఫిబ్రవరి 8 (రెండో శనివారం), ఫిబ్రవరి 16 (ఆదివారం), మార్చి 8 (రెండో శనివారం), మార్చి 23 (ఆదివారం). వీటితో లెక్క సరిగ్గా 220కి చేరుతుంది, పాఠాలకు దొరికే రోజులు 48 అవుతాయి.

ఫిబ్రవరి 16, 23 వరుసగా రెండు ఆదివారాలు పెట్టేస్తే పని త్వరగా అయిపోతుంది కదా అని స్టాఫ్ రూంలో ఒక మాట వచ్చింది. అలా చేస్తే ఫిబ్రవరి 10 నుంచి 25 దాకా పిల్లలకు ఒక్క రోజు విరామం ఉండదు. ఆరో తరగతి పిల్లలు అది తట్టుకోలేరు, మనమూ తట్టుకోలేం. మార్చి 23కు నేను మొగ్గడానికి కారణం, ఆదివారం పబ్లిక్ పరీక్ష ఉండదు కాబట్టి టీచర్లందరూ బడిలోనే ఉంటారు. అప్పటికి రంజాన్ మాసం నడుస్తుంటుంది. ఒంటిపూట బడే కాబట్టి ఉపవాసం ఉండే పిల్లలు మధ్యాహ్నానికి ఇల్లు చేరతారు. ఆ రోజు వారికి ఆటల పీరియడ్ వద్దు.

ఏప్రిల్ 12ను మాత్రం ముట్టుకోవడం లేదు. దాని వెనకే ఆదివారం, అంబేడ్కర్ జయంతి ఉన్నాయి, ఊళ్లకు వెళ్లే కుటుంబాలు ఎక్కువ. సగం క్లాసు ఖాళీగా ఉన్న రోజును పట్టీలో పనిదినంగా రాసుకుంటే నంబరు నిండుతుందేమో గానీ పిల్లలకు ఒరిగేదేమీ లేదు. అనుకోని సెలవు ఏదైనా వచ్చి పడితేనే ఆ రోజు వాడతాం.

ఈ నాలుగు రోజులకూ సాధారణ టైంటేబులే. ఫిబ్రవరి 8, మార్చి 8 తేదీల్లో శనివారం టైంటేబుల్, రెండు ఆదివారాల్లో సోమవారం టైంటేబుల్ నడుస్తుంది. సోమవారం మొదటి రెండు పీరియడ్లు గణితం, సైన్స్ కావడంతో అలా పెట్టాను. 8వ తరగతిలో వెనకబడినవి ఆ రెండే. మధ్యాహ్న భోజనం నాలుగు రోజులూ ఉండాలి. వంట బాధ్యత చూసేవారికి కనీసం మూడు రోజుల ముందు విద్యార్థుల సంఖ్య చెప్పే పని ఎండీఎం ఇన్‌ఛార్జ్ మేడం చూస్తారు. ఇవి వరదకు పోయిన రోజుల బదులు నడుపుతున్నవి కాబట్టి వీటికి సీసీఎల్ ఇవ్వడం కుదరదు.

తల్లిదండ్రులకు ఒక మాట. సెప్టెంబరులో మీ ఇళ్లలోకీ నీళ్లొచ్చాయి. 7వ తరగతిలో ఇప్పటికీ కొందరు అట్టలు ఉబ్బిపోయి, పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయిన పుస్తకాలతోనే చదువుతున్నారు. అలాంటి పిల్లలకు స్నేహితుల నోట్సు చూసి రాసుకునే వీలు దొరికేది బడిలోనే. అందుకే ఆ నాలుగు రోజులు దయచేసి పిల్లలను ఇంట్లో ఉంచకండి. ఆదివారం చర్చికి వెళ్లే కుటుంబాలు ముందే క్లాస్ టీచరుకు చెబితే, ప్రార్థన ముగిశాక వచ్చిన పిల్లలకూ హాజరు వేస్తాం.

ఈ తేదీలపై అభ్యంతరం ఉన్నవారు 5వ తేదీ బుధవారం సాయంత్రం లోపు నన్ను కలవండి. మార్చాల్సి వస్తే ఏ తేదీ బదులు ఏది అన్నది కూడా మీరే సూచించండి, మొత్తం మాత్రం నాలుగుకు తగ్గకూడదు. గురువారం ఉదయం ఈ పట్టికను అనుమతి కోసం డీఈఓ కార్యాలయానికి పంపుతాను. అదే రోజు అసెంబ్లీలో పిల్లలకు చదివి వినిపించి, డైరీల్లో రాయించాలి.

ప్రధానోపాధ్యాయురాలు