302 వాళ్ళకు, 303 నుంచి

నమస్కారమండీ.

నిన్న రెండుసార్లు మీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాను. మొదటిసారి సోఫా తలుపులో అడ్డంగా ఇరుక్కుని ఉంది, మీవారు లోపల, లారీ కుర్రాళ్ళు బయట. సాయంత్రం వచ్చేసరికి బాబు పరుపు మూటకి ఆనుకుని నిద్రపోతున్నాడు. బెల్ కొడితే లేస్తాడేమోనని ఊరుకున్నాను. అందుకే ఈ కాగితం. డబ్బాలో ఉన్నది పులిహోర. మీ గ్యాస్ సిలిండర్ ఇంకా మెట్ల దగ్గరే కనిపించింది, ఇవాళ పొయ్యి వెలిగించే పరిస్థితి ఉండదనిపించింది. బాబు తింటాడని మిరపకాయలు తగ్గించాను.

మేం ఇద్దరమే ఉంటాం. మావారు పోర్టులో చేసి రిటైరయ్యారు. నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని. పిల్లలు ఉద్యోగాలకి వెళ్ళిపోయారు. 2009లో ఈ బిల్డింగులో దిగాం, ఇంకా కదల్లేదు.

వరంగల్ నుంచి వచ్చారని వాచ్‌మన్ చెప్పాడు. అయితే ఒక్క విషయం ముందే చెప్పాలి. సముద్రం ఇక్కడికి కనిపించదు కానీ దాని గాలి మాత్రం ఇంట్లోనే కాపురం ఉంటుంది. ఎంవీపీ కాలనీలో ఇనుము ఏదైనా సరే, ఏడాది తిరిగేసరికి ఎర్రబడుతుంది. మీ బీరువా నిన్న చూశాను, మంచి పాతకాలం బీరువా. దాన్ని నేలమీద ఉత్తినే పెట్టకండి, కాళ్ళకింద చెక్కముక్కలు వెయ్యండి. వాషింగ్ మెషీన్‌కీ అంతే, స్టాండ్ కొనండి. తలుపుల బందులకి నెలకోసారి ఓ చుక్క కొబ్బరినూనె రాయండి. మా మొదటి వాషింగ్ మెషీన్ అడుగు ఎంతలా తినేసిందంటే, రిపేరుకొచ్చినతను పక్కకి వంచగానే రేకు పెచ్చులు పెచ్చులుగా అతని పాదంమీద రాలింది. ఇక ఉప్పు జాడీ, అప్పడాల సంగతి వానాకాలంలో మీకే తెలుస్తుంది.

మీ వీధి తలుపు తాళం మొండిది. పిడి పట్టుకుని తలుపుని మీ వైపు లాగి, కాస్త పైకెత్తి, అప్పుడు తిప్పండి. మీ ముందున్నవాళ్ళు దాంతో కుస్తీపట్టి ఓ తాళంచెవి లోపలే విరగ్గొట్టారు. హాలు కిటికీలో ఒక అద్దం మిగతావాటికంటే తెల్లగా ఉంటుంది, చూసే ఉంటారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి పగిలితే కొత్తది వేయించారు. దాని గొళ్ళెం వదులు, గాలి వీచే రోజున ఓ దారం కట్టండి.

లిఫ్ట్ దిగాక లోపలి గేటు టక్‌మనేదాకా లాగండి. లేకపోతే అది మన అంతస్తులోనే ఆగిపోతుంది, అయిదో అంతస్తు పెద్దాయన అరుపులు మనిద్దరికీ సమానంగా వినిపిస్తాయి.

అరుపులంటే గుర్తొచ్చింది. మా వంటింటి గోడ అవతల మీ పడకగది. పెసరట్ల రోజున పొద్దున్న ఆరింటికే మా గ్రైండర్ మొదలవుతుంది. మీకు నిద్ర చెడితే మొహమాటపడకుండా గోడ మీద రెండు దెబ్బలు కొట్టండి. నాకు కోపం రాదు, ముందురోజు రాత్రే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకుంటాను. మావారి టీవీ సౌండుకి మాత్రం నేనేం మాట ఇవ్వలేను, ముప్పయ్యేళ్ళుగా నా మాటే వినట్లేదు.

కూరగాయలకి రైతుబజార్ ఉంది, నడిచే దూరమే. పొద్దున్నే వెళ్తే ఆకుకూరలు తాజాగా ఉంటాయి. నేను బుధ, ఆదివారాలు వెళ్తాను. దారి తెలిసేదాకా నాతో రండి, లేదా ఏం కావాలో చెప్తే తెస్తాను. అన్నట్టు ఎంవీపీ అంటే ఏ నాయకుడి పేరో అనుకునేరు, మువ్వలవానిపాలెం, అంతే.

ఇంకోటి. మీ బాల్కనీ మూలన ఉన్న తులసి కుండీ ముందున్నవాళ్ళు వదిలేసి వెళ్ళింది. ఇల్లు ఖాళీగా ఉన్న మూడు నెలలూ మా బాల్కనీలోంచి చెయ్యి చాచి మగ్గుతో నీళ్ళు పోశాను. సగం నీళ్ళు కింద 202 వాళ్ళ బట్టలమీద పడేవి, వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి ఏమీ అనలేదు. ఇప్పుడది మీది. అక్కర్లేదనుకుంటే పారేయకుండా ఇటు అందించేయండి.

మీ అత్తగారో అమ్మగారో, నిన్న కుర్చీలో కూర్చుని సామాన్లు లెక్కపెడుతున్న పెద్దావిడ, సాయంత్రాలు తోచకపోతే మా ఇంటికి పంపండి. నాలుగింటికి టీ పెడతాను.

డబ్బా సంగతి. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని మీ పెద్దావిడ అంటారు, మా అమ్మా అనేది. పంచదార ఏ పెట్టెలో ఉందో వెతుక్కుంటూ కూర్చోకండి. ఈ ఒక్కసారికి ఖాళీగానే ఇచ్చేయండి, తొందర కూడా లేదు.

మీ పక్కింటి
సుజాత
303