ఎకో కొలతల పట్టిక: 62 ఏళ్ల పురుషుడు, ముందు గోడ గుండెపోటు తర్వాత ఆరో వారం

ఎత్తు 168 సెం.మీ., బరువు 68 కిలోలు, శరీర ఉపరితలం 1.78 చ.మీ. సైనస్ లయ, నాడి 74, బీపీ 126/78. మెషీన్ ప్రింటు, పక్కన చేతిరాత, చివర్లో ముగింపు పేరా: అంకెలు ఈ మూడు చోట్లా చెదిరి ఉన్నాయి, కొన్నిచోట్ల ఒకదానికొకటి పొసగడం లేదు. సంతకానికి ముందు డాక్టర్ చూడాల్సిన పట్టిక ఇది.

మెషీన్ ప్రింటు, ఉన్నది ఉన్నట్టు:

```
LVIDd 6.0 cm  LVIDs 46  IVSd 0.9 cm  LVPWd 9 mm
EDV 152  ESV 94 (A4C+A2C)  L 8.7/8.4  EF(Teich) 46%
LA 44  LAVol 78  E 0.9  A 0.6  e' 6
TR Vmax 3.0  RVSP 46  IVC 18  TAPSE 18  RVD1 38
MR VC 0.5  EROA 0.22  RVol 34  AV Vmax 1.6
```

చేతిరాత: "శిఖరం, సెప్టం మధ్య భాగం కదలడం లేదు. మైట్రల్ లీకు మధ్యస్థం, రెక్కలు మామూలే, లాగినట్టున్నాయి. అయోర్టిక్ మూడు రెక్కలు. ట్రైకస్పిడ్ లీకు స్వల్పం. గడ్డ లేదు. ఐవీసీ సగానికి పైగా ముడుచుకుంటోంది."

ముగింపు: "ఈఎఫ్ 45 శాతం, మైట్రల్ లీకు స్వల్పం."

| కొలత | విలువ | మామూలు (పురుషులు) | మాట |
|---|---|---|---|
| ఎడమ జఠరిక, డయాస్టోల్ | 60 మి.మీ. | 42–58 | కొంచెం పెద్దది |
| ఎడమ జఠరిక, సిస్టోల్ | 46 మి.మీ. | 25–40 | పెద్దది |
| సెప్టం / వెనక గోడ | 9 / 9 మి.మీ. | 6–10 | మామూలు |
| ఘనపరిమాణం, డయాస్టోల్ | 152 మి.లీ. | 62–150 | కొంచెం ఎక్కువ |
| ఘనపరిమాణం, సిస్టోల్ | 94 మి.లీ. | 21–61 | ఎక్కువ |
| ఈఎఫ్, బైప్లేన్ సింప్సన్ | 38% | 52–72 | తగ్గింది |
| కండర ద్రవ్యరాశి సూచిక | 121 గ్రా./చ.మీ. | 49–115 | లెక్కగట్టినది |
| ఎడమ కర్ణిక సూచిక | 44 మి.లీ./చ.మీ. | 34 వరకు | మధ్యస్థంగా పెద్దది |
| కుడి జఠరిక మొదలు | 38 మి.మీ. | 25–41 | మామూలు |
| TAPSE | 18 మి.మీ. | 17 పైన | మామూలు |
| E/A, E/e' | 1.5, 15 | E/e' 14 లోపు | నింపు ప్రెషర్ ఎక్కువ |
| మైట్రల్ కవాటం | VC 5 మి.మీ., EROA 0.22 చ.సెం.మీ., 34 మి.లీ. | – | మధ్యస్థ లీకు |
| అయోర్టిక్ కవాటం | 1.6 మీ./సె. | 2 లోపు | బిగుతు లేదు |
| ట్రైకస్పిడ్ కవాటం | 3.0 మీ./సె. | 2.8 వరకు | స్వల్ప లీకు |
| కుడి జఠరిక సిస్టోలిక్ ప్రెషర్ | 39 ఎంఎం హెచ్‌జీ | 35 లోపు | కొంచెం ఎక్కువ |

ఈఎఫ్. రిపోర్టులో 46, 45 రెండూ ఉన్నాయి. మొదటిది టైకోల్జ్ లెక్క. అది జఠరిక మొదటి భాగంలో తీసిన రెండు వ్యాసాల మీదే నడుస్తుంది. ఈ రోగికి శిఖరమే కదలడం లేదు కాబట్టి ఆ పద్ధతికి జబ్బున్న చోటే కనబడదు, అంకె ఎక్కువ చూపిస్తుంది. రెండు ఏపికల్ వ్యూల్లో తీసిన ఘనపరిమాణాలతో:

```
EF = (152 − 94) / 152 = 38%
```

ఏపికల్ వ్యూలో శిఖరం కోసుకుపోతే పొడవు తగ్గి లెక్క పాడవుతుంది. ఇక్కడ పొడవులు 8.7, 8.4 సెం.మీ.; తేడా పది శాతం లోపే ఉంది కాబట్టి ఈ అంకెను నమ్మవచ్చు. ముగింపు పేరాలో 45 తీసేసి 38 రాయాలి. 40కి ఇటా అటా అన్నదాన్ని బట్టి హార్ట్ ఫెయిల్యూర్ మందుల నిర్ణయం మారుతుంది, ఆ తప్పు వదిలేయకూడదు. తర్వాతి ఎకోలోనూ ఇదే పద్ధతి వాడాలి. పద్ధతి మారిస్తే గుండె బాగుపడిందో, లెక్క మారిందో తేల్చలేం.

మైట్రల్ లీకు. చేతిరాతలో మధ్యస్థం, ముగింపులో స్వల్పం. మూడు కొలతలూ మధ్యస్థం వైపే ఉన్నాయి. పైగా జఠరిక సాగడం వల్ల వచ్చే లీకులో రంధ్రం గుండ్రంగా ఉండదు, అందుకే EROA అసలుకన్నా తక్కువ చూపించే అవకాశముంది. కిందికి దించడానికి ఆధారం లేదు.

ప్రెషర్. మెషీన్ కుడి కర్ణిక ప్రెషర్‌ను 10గా తీసుకుని 46 ఇచ్చింది. ఐవీసీ 18 మి.మీ., సగానికి పైగా ముడుచుకుంటోంది కాబట్టి 3 తీసుకోవాలి:

```
4 × 3.0² + 3 = 39
```

యూనిట్లు. LVIDs 46, LA 44, IVC 18 పక్కన యూనిట్ లేదు. మిగతా కొలతలతో సరిచూసి మి.మీ.గా తీసుకున్నాం. సెప్టం సెం.మీ.లో, వెనక గోడ మి.మీ.లో ఉన్నాయి. ద్రవ్యరాశి సూత్రంలోకి అలాగే వెళ్తే ఫలితం అర్థం లేనిదవుతుంది, అందుకే ముందు అన్నీ సెం.మీ.లోకి మార్చి లెక్కగట్టాం. కర్ణికకు 44 మి.మీ. వ్యాసం, 44 మి.లీ./చ.మీ. సూచిక రెండూ ఒకే అంకె కావడం యాదృచ్ఛికం. పట్టికలోకి సూచికే వెళ్లింది, 78ని 1.78తో భాగిస్తే వచ్చినది.

డాక్టర్ తేల్చాల్సినవి. శిఖరం కదలని గుండెలో "గడ్డ లేదు" అన్న మాట కాంట్రాస్ట్ లేకుండా చూసి రాసినది. శిఖరం స్పష్టంగా కనబడిందా, కాంట్రాస్ట్‌తో మళ్లీ చూడాలా? పల్మనరీ కవాటం గురించి ఎక్కడా ఒక్క మాట లేదు, అందుకే దానికి వరస పెట్టలేదు. క్లిప్‌లు చూసి చేర్చాలి.