ఇల్లు అలకగానే పండగ కాదు

ఈ సామెతకి అర్థం చెప్పమని పిల్లలు అడిగితే నేను ఈ చిన్న నాటిక ఆడిస్తాను. ఇద్దరు మనుషులు, ఒక జాడీ ఉంటే చాలు.

(మే నెల. వరండాలో పాత చీర మీద మామిడి ముక్కలు.)

బుజ్జి: అమ్మమ్మా, యాభై కాయలూ కొట్టించుకొచ్చా, జీడి తీసి ముక్కలన్నీ తుడిచేశా! ఆవకాయ అయిపోయినట్టే. సాయంత్రం బస్సుకి సీసా పంపిస్తున్నామని హైదరాబాద్ పిన్నికి ఫోన్ కూడా చేసేశా.

అమ్మమ్మ: ఆవాలు ఎండాయా?

బుజ్జి: ఆవాలా?

అమ్మమ్మ: ఉప్పు దంచావా? జాడీ కడిగి ఆరబెట్టావా?

(బుజ్జి ఏమీ మాట్లాడదు. ఈ నిశ్శబ్దాన్ని తొందరపడి దాటేయకండి, నాటికకి ప్రాణం ఇదే.)

అమ్మమ్మ: ఇల్లు అలకగానే పండగ కాదే తల్లీ! ఆవాలు ఎండబెట్టి పొడి కొట్టాలి, కారం, ఉప్పు కలపాలి, ముక్కల్ని నువ్వుల నూనెలో ముంచి ఆ పిండిలో దొర్లించి జాడీకెత్తాలి, మూడో రోజు మూత తీసి తిరగ కలిపి ఉప్పు చూసుకోవాలి, నూనె తేలకపోతే ఇంకాస్త పోయాలి. అప్పుడు కదా సీసాలూ, బస్సులూ!

బుజ్జి: (ఫోన్ తీసి, మెల్లగా) పిన్నీ... సీసా ఇవాళ కాదు, ఆదివారం పంపిస్తాం.

అమ్మమ్మ: చేతులు తడి లేకుండా తుడుచుకుని ఆ ఆవాల చేట ఇలా పట్టుకురా.