గోత్రనామాలు

"తాతా, ఈ ఎకరం ముప్పై సెంట్లు మీ పేరున లేదు. కోటేశ్వరరావు, తండ్రి రామయ్య అని ఉంది. ఆయనెవరు?"

రీసర్వే కాగితాలు ముందేసుకుని వీఆర్వో అమ్మాయి అడిగిన ప్రశ్నకి పెంటయ్య దగ్గర జవాబు లేదు. ఆధార్‌లో పెంటయ్య, రేషన్ కార్డులో పెంటయ్య, పింఛను వచ్చేదీ పెంటయ్యకే. డెబ్భై మూడేళ్లొచ్చాయి. ఆ పొలంలో మిరప వేసిందీ, శిస్తు కట్టిందీ తనే. తండ్రి రామయ్య అంటే తన తండ్రే. మరి ఈ కొడుకెవరు?

రెండ్రోజుల్లో ఊరంతా తెలిసిపోయింది. రామయ్యకి రెండో ఇల్లు ఉండేదేమోనని రచ్చబండ దగ్గర ఎవరో అననే అన్నారు. కొడుకు శ్రీను టెన్షన్ పడిపోయి, నరసరావుపేట వెళ్లి దస్తావేజు నకలు తీయించుకొచ్చాడు. 1956 నాటిది. సాగర్ డ్యాముకి నెహ్రూ శంకుస్థాపన చేసిన మరుసటి ఏడు. కాలువ వస్తుందన్న ఆశతో మెట్ట భూమిని కొన్నవాళ్లలో రామయ్య ఒకడు.

"కొన్నవారు మైనరు కోటేశ్వరరావు, వయసు 6 సంవత్సరాలు, సంరక్షకుడు తండ్రి రామయ్య" అని శ్రీను చదివి, "నాన్నా, అప్పటికి నీకెన్నేళ్లు?" అన్నాడు.

ఆరేళ్లే. పెంటయ్య ఆ మాట పైకి అనలేదు. మర్నాడు పొద్దున్నే చిలకలూరిపేట బస్సెక్కాడు.

అక్కకి ఎనభై రెండు. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తమ్ముడు కాగితం చూపించి పేరు చెప్పబోతే, చింతపండు చేత్తోనే అతని నోరు మూసింది.

"అనబాకు. ఆ పేరు నీదే."

వాళ్లింట్లో అక్క తర్వాత పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. ఐదో కాన్పులో మగపిల్లాడు పుట్టగానే మంత్రసాని ఎత్తుకెళ్లి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. మళ్లీ చేటలో వేసుకొస్తే తల్లి దోసెడు తవుడిచ్చి కొనుక్కుంది. అట్లా కొనుక్కున్న బిడ్డ మీద చావు కన్ను పడదని నమ్మకం. తొమ్మిదేళ్ల అక్క అదంతా గుమ్మంలో నిలబడి చూసింది. ఆ సంగతి పెంటయ్యకీ తెలుసు, ఆ పేరున్న ప్రతివాడికీ తెలుసు. తెలియనిదల్లా ఆ తర్వాత జరిగింది.

"నాన్న కోటప్పకొండకి మొక్కుకున్నాడురా. మూడో నెలలో నిన్ను కొండ మీదకి తీసుకెళ్లి పేరు పెట్టించాడు. కొండ దిగేటప్పుడే అమ్మ నా చేత ఒట్టేయించుకుంది, ఇంట్లో ఆ పేరు ఎత్తకూడదని. నాన్నకేమో పొలం కాగితంలో పెంటడు అని రాయించడానికి మనసు రాలేదు."

పెంటయ్య చాలాసేపు మాట్లాడలేదు. పెళ్లిచూపుల్లో ఆడపిల్ల తరఫువాళ్లు పేరు విని నవ్వారు. ఆ రాత్రి ఇంటికొచ్చి, నాకు వేరే పేరు పెట్టమని తల్లిని పోట్లాడాడు. ఆవిడ ఏడ్చింది గానీ ఒప్పుకోలేదు.

"అంత ఏడ్చాను గదే, ఒక్కసారైనా చెప్పిందా?"

"నీకు చెప్పలేదు, స్వామికి చెప్పేది. తిరనాళ్లకి ఏటా పోయేవాళ్లం గుర్తుందా? పూజారి గోత్రనామాలు అడిగే టయానికి నువ్వెక్కడుండేవాడివి?"

గుర్తుంది. ఎందుకు గుర్తులేదు! సరిగ్గా గుడి గడప దగ్గరికి రాగానే అమ్మ చేతిలో అణా పెట్టి తోసేది, ప్రభలు చూసిరా పో అని. మీసాలొచ్చాక కూడా అంతే. కొండ కింద చెరుకుగడ కొనుక్కు తింటూ, ఈవిడకి దేవుడి దగ్గర నేను అడ్డమెందుకో అనుకునేవాడు.

కండువాతో మొహం తుడుచుకుంటే చింతపండు పులుసు కళ్లలోకి పోయి మండింది. అక్క చెంబుతో నీళ్లు పోసింది.

ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ కావాలన్నారు, రక్తసంబంధీకుల వాంగ్మూలం కూడా కావాలన్నారు. తర్వాతి వారం శ్రీను అత్తని ఆటోలో సచివాలయానికి తీసుకొచ్చాడు. వీఆర్వో అమ్మాయి ఆవిడకి కుర్చీ వేసి కాగితం తీసింది.

"చెప్పండి అవ్వా, మీ తమ్ముడి అసలు పేరేంటి?"

అక్క తమ్ముడి వంక చూసింది. బొడ్లోంచి చిక్కం తీసి, పది రూపాయల నోటు అతని చేతిలో పెట్టింది.

"పోయి టీ తాగిరా పో."

"ఇంకా ఏంటక్కా? డెబ్భై మూడేళ్లు బతికాను గదా."

"ఇంకా బతకాలి. పో."

పెంటయ్య నోటు పట్టుకుని మెట్లు దిగాడు. అతను రోడ్డు దాటి టీ బంకు దాకా వెళ్లేవరకూ ఆవిడ కిటికీలోంచి చూస్తూనే ఉంది. అప్పుడు అమ్మాయి వైపు తిరిగింది.

"రాసుకో తల్లీ. కోటేశ్వరరావు. మా నాన్న రామయ్య, మా అమ్మ సుబ్బమ్మ. పక్కన పెంటయ్య అని కూడా రాయి, అది కొట్టెయ్యబాకు."